8 మీటర్ల కోత, ఐదు వరసల నెయిల్స్, వాటి వెనక నీరు

మట్టి గుట్టను నిటారుగా కోసి నిలబెట్టడానికి రెండు దారులున్నాయి. ముందు నుంచి బరువైన గోడ కట్టి మట్టిని ఆపడం ఒకటి. మట్టిలోకే ఉక్కు కడ్డీలు దింపి, ఆ మట్టి ముద్దనే గోడగా మార్చడం రెండోది. ఈ రెండో పద్ధతే సాయిల్ నెయిలింగ్. ఫ్రాన్స్‌లో వెర్సాయ్ దగ్గర రైలు మార్గాన్ని వెడల్పు చేస్తూ 1972లో 18 మీటర్ల ఎత్తు కోతను ఇలా నిలబెట్టినప్పటి నుంచి ఈ పద్ధతి ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది.

బయటి నుంచి చూసేవారికి కనిపించేది సిమెంటు పూసిన ఒక గోడ, దాని మీద వరసగా బిగించిన ఉక్కు పలకలు. దాంతో గోడే మట్టిని ఆపుతోందని, కడ్డీలు గోడను పట్టుకున్నాయని, నీరు కారే చిన్న పైపులు ఏదో జాగ్రత్త కోసం పెట్టినవని అనిపిస్తుంది. అసలు పని జరిగే తీరు వేరు. పని ఎక్కువగా చేసేది లోపలి నెయిల్. గోడ, అంటే ఫేసింగ్, నెయిల్‌కీ నెయిల్‌కీ మధ్య ఉన్న మట్టిని మాత్రమే చూసుకుంటుంది. ఇక డ్రైన్లు పనిచేస్తాయన్న నమ్మకంతోనే ఆ రెండింటి లెక్కా వేస్తారు. డ్రైన్ మూసుకుపోయిందంటే మిగతా రెండింటి మీదా లెక్కలో లేని బరువు పడుతుంది. ఒక కోతను మొదటి నుంచి చివరిదాకా లెక్కగట్టి చూస్తే ఇది తేటతెల్లమవుతుంది.

లెక్కకు తీసుకునే కోత ఇది. ఎత్తు 8 మీటర్లు, పొడవు 30 మీటర్లు, ముఖం దాదాపు నిలువు. మట్టి సన్న ఒండ్రు కలిసిన ఇసుక. ఘనపు మీటరు బరువు 18 కిలోన్యూటన్లు, అంటే సుమారు 1.8 టన్నులు. అంతర్గత ఘర్షణ కోణం 32 డిగ్రీలు. కొహిషన్, అంటే రేణువులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే బలం, 5 కిలోపాస్కల్స్. నీటిమట్టం కోత అడుగుకు కిందనే ఉంది. నెయిల్స్ మధ్య దూరం అడ్డంగా 1.5 మీటర్లు, నిలువుగా 1.5 మీటర్లు. అంటే ఒక్కో నెయిల్ 2.25 చదరపు మీటర్ల ముఖానికి బాధ్యత వహిస్తుంది. పై అంచు నుంచి 0.75 మీటర్ల లోతులో మొదటి వరస, తర్వాత ప్రతి 1.5 మీటర్లకు ఒకటి చొప్పున 6.75 మీటర్ల లోతు వరకు మొత్తం ఐదు వరసలు. ఒక్కో వరసలో 20, అన్నీ కలిపి 100 నెయిల్స్.

నెయిల్ ఎప్పుడు పని మొదలుపెడుతుంది

నెయిల్‌ను, గ్రౌండ్ యాంకర్‌ను చాలామంది ఒకటే అనుకుంటారు. యాంకర్‌ను జాక్‌తో లాగి, బిగువు ఎక్కించి తాళం వేస్తారు. నెయిల్‌కు అలాంటి బిగువేమీ ఉండదు. రంధ్రం తొలిచి, కడ్డీ పెట్టి, చుట్టూ సిమెంటు గ్రౌట్, అంటే నీటితో కలిపిన సిమెంటు ముద్ద, నింపి వదిలేస్తారు. ఆ రోజుకు దానిలో బలం దాదాపు సున్నా. దాని కింద మరో 1.5 మీటర్లు తవ్వినప్పుడు పైన ఉన్న మట్టి కాస్త ముందుకు కదులుతుంది. ఆ కదలికకు అడ్డుపడినప్పుడే నెయిల్‌లో లాగుడు బలం పుడుతుంది. అందుకే మట్టి ఏమాత్రం కదలకూడదనే చోట నెయిలింగ్ పనికిరాదు. ఇసుక నేలల్లో కోత పై అంచు ఎత్తులో సుమారు ఐదు వందల వంతు ముందుకు జరగడం మామూలే. మన 8 మీటర్ల కోతకు అది 16 మిల్లీమీటర్లు. బంకమట్టిలో ఇంకాస్త ఎక్కువ. పై అంచుకు ఆనుకుని పాత కట్టడమో, పైపులైనో ఉంటే, ఆ 16 మిల్లీమీటర్లను అది తట్టుకుంటుందా అన్నది మొదటి నెయిల్ దింపకముందే తేల్చుకోవాలి.

ఈ తీరు వల్ల ఇంకో సంగతి కూడా తేలుతుంది. పై వరసలు వేశాక వాటి కింద చాలా తవ్వకం జరుగుతుంది కాబట్టి బలం వాటిలోనే ఎక్కువ చేరుతుంది. అట్టడుగు వరస వేశాక తవ్వేది కొంచెమే కాబట్టి పొడిగా ఉన్నంతకాలం దాని మీద భారం తక్కువ. పై వరసల్లో ఉండేదానిలో సగం దాకా తగ్గుతుందని లెక్కల్లో తీసుకుంటారు. ఈ మాట గుర్తుంచుకోవాలి. నీటి సంగతి వచ్చినప్పుడు ఇదే తిరగబడుతుంది.

ఇప్పుడు బలం ఎంతో చూద్దాం. 32 డిగ్రీల ఘర్షణ కోణానికి మట్టి పక్కకు నెట్టే గుణకం 0.307. పై వరసల నెయిల్‌లో గరిష్ఠ బలానికి వాడుకలో ఉన్న లెక్క ఇది: 0.75ను ఆ గుణకంతో, మట్టి బరువుతో, ఎత్తుతో, నెయిల్ వాటా వైశాల్యంతో గుణించాలి.

```
T = 0.75 × 0.307 × 18 × 8 × 2.25 ≈ 75 kN
```

అంటే ఒక్కో నెయిల్‌కు ఏడున్నర టన్నుల లాగుడు. ఈ గరిష్ఠం పడేది ముఖం దగ్గర కాదు. మట్టి ఎక్కడ తెగి జారాలని చూస్తుందో ఆ జారుడు తలం నెయిల్‌ను కోసే చోట పడుతుంది. పై వరసలో అది ముఖం నుంచి ఎత్తులో సుమారు మూడో వంతు లోపల, అంటే రెండున్నర మీటర్ల దగ్గర ఉంటుంది. దాని ముందున్న మట్టి జారాలని చూస్తుంది, వెనకున్న మట్టి కదలదు. నెయిల్ ఆ రెండింటినీ కలిపి కుట్టిన దారం లాంటిది.

దారం తెగకూడదు, ఊడిరాకూడదు. తెగుతుందా అన్నది సులభంగా తేలుతుంది. 25 మిల్లీమీటర్ల కడ్డీ, సాగుబాటు బలం 500 మెగాపాస్కల్స్ అయితే 245 కిలోన్యూటన్లు మోస్తుంది. భద్రత కోసం దాన్ని 1.8తో భాగించినా 136 వస్తుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ కూడా అదే లెక్కలో 87 ఇస్తుంది, 75కు సరిపోతుంది. అయినా 25 తీసుకోవడమే మంచిది. తుప్పు చుట్టూ 2 మిల్లీమీటర్ల మందం తినేసినా 25 కడ్డీలో 96 కిలోన్యూటన్లు మిగులుతాయి. 20 కడ్డీకి ఆ వెసులుబాటు లేదు.

ఊడి రావడమే అసలు బెడద. 125 మిల్లీమీటర్ల రంధ్రంలో గ్రౌట్‌కూ మట్టికీ మధ్య పట్టు చదరపు మీటరుకు 100 కిలోన్యూటన్లు అనుకుందాం. ఒండ్రు ఇసుకకు ఇది జాగ్రత్తగా తీసుకున్న అంకె. ఒక మీటరు పొడవుకు 39 కిలోన్యూటన్లు వస్తుంది. సగానికి తగ్గించి నమ్మితే మీటరుకు 19.6. కాబట్టి 75ను పట్టుకోవాలంటే జారుడు తలం వెనక 3.8 మీటర్లు కావాలి. ముందున్న రెండున్నర మీటర్లతో కలిపితే 6.3. ఎత్తులో 0.7 వంతు పొడవు పెడితే సరిపోతుందన్న మోటు లెక్క ఇక్కడ 5.6 మీటర్లే ఇస్తుంది. దాన్ని నమ్ముకుంటే పై వరస నెయిల్స్ పొట్టివైపోతాయి. కాబట్టి 7 మీటర్లు పెడదాం. అప్పుడు వెనక నాలుగున్నర మీటర్లు, తుది పట్టు 177 కిలోన్యూటన్లు, భద్రతా గుణకం 2.3 దాటుతుంది. ఇది తొలి అంచనా మాత్రమే. కోత మొత్తంగా, అన్ని వరసల కిందుగానూ జారిపోతుందేమోనన్న లెక్క వేరుగా వేయాల్సిందే.

పట్టు అంకెను పుస్తకం నుంచి తీసుకుని వదిలేయకూడదు. పని మొదలుపెట్టే ముందే గోడలో భాగం కాని కొన్ని నెయిల్స్ వేసి, లాగి చూడాలి. ఇలా వేసిన నెయిల్‌కు లోపలి 3 మీటర్లకే గ్రౌట్ పట్టిస్తారు. ముఖం వైపు కనీసం ఒక మీటరు ఖాళీగా వదులుతారు. ఆ 3 మీటర్లకు రూపకల్పనలో నమ్మిన బలం 59 కిలోన్యూటన్లు. దానికి రెట్టింపు, అంటే 118 వరకు మెట్లుమెట్లుగా లాగి, బరువును నిలిపి ఉంచి గడియారం చూస్తారు. నిలిపి ఉంచినప్పుడు 1వ నిమిషం నుంచి 10వ నిమిషం మధ్య తల ఒక మిల్లీమీటరుకు మించి జరిగితే, పట్టు మెల్లగా సడలుతోందని అర్థం. అలాంటప్పుడు 6వ నిమిషం నుంచి 60వ నిమిషం దాకా చూస్తారు. ఆ గంటలో 2 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే నెయిల్ పొడవు పెంచాలి, లేదా రంధ్రం పెద్దది చేయాలి. గోడలోకి వెళ్లే నెయిల్స్‌లోనూ నూటికి ఐదింటిని ఒకటిన్నర రెట్లకు పరీక్షించడం వాడుక. మన కోతలో ఐదు.

రంధ్రంలో జరిగేవి

నెయిల్‌ను ముఖం నుంచి లోపలికి 15 డిగ్రీలు కిందకు వాల్చి వేస్తారు. 10 డిగ్రీల కంటే తక్కువ వాలితే గ్రౌట్ లోపలికి సరిగా పారదు, రంధ్రం పైకప్పు కింద గాలి బుడగ మిగులుతుంది. 20 దాటితే కడ్డీ జారుడు దిశకు దూరమై లాగుడు పని తగ్గుతుంది.

గ్రౌట్ పైపును రంధ్రం అడుగుదాకా దింపి, కింది నుంచి నింపుకుంటూ పైపును మెల్లగా వెనక్కి లాగాలి. నోటి దగ్గర నుంచి పోస్తే మధ్యలో గాలి, రాలిన మట్టి చిక్కుకుపోతాయి. అయితే ఎంత గ్రౌట్ పట్టింది అన్నది అందరూ రాసుకోని, రాసుకోవాల్సిన అంకె. 125 మిల్లీమీటర్ల రంధ్రం, 7 మీటర్ల పొడవు, కడ్డీ తీసేస్తే 82 లీటర్లు. నీరు, సిమెంటు నిష్పత్తి 0.45 అయితే 50 కిలోల బస్తాకు 38 లీటర్ల గ్రౌట్ వస్తుంది. కాబట్టి నెయిల్‌కు రెండు బస్తాలకు కొంచెం పైన. ఏదైనా నెయిల్ ఒకటిన్నర బస్తాతోనే నిండిపోయిందంటే రంధ్రం మధ్యలో కూలి మూసుకుపోయిందన్నమాట. నాలుగు బస్తాలు మింగిందంటే లోపల బొరియో, పగులో, పాత డ్రైనో ఉంది. రెండు సందర్భాల్లోనూ ఆ నెయిల్‌ను నమ్మే ముందు ఆగి చూడాలి. రంధ్రం నిలవనివ్వని వదులు మట్టిలో కేసింగ్ పైపు వేసి తొలవాలి, లేకపోతే తానే తొలుచుకుంటూ గ్రౌట్ వదిలే బోలు కడ్డీలు వాడాలి.

కడ్డీ రంధ్రం మధ్యలో ఉండటానికి ప్రతి రెండున్నర మీటర్ల లోపు ఒక సెంట్రలైజర్ పెట్టాలి, రెండు చివరలకూ అర మీటరు దూరంలో ఒకటి ఉండాలి. కడ్డీ నడిమధ్యన ఉంటే చుట్టూ 50 మిల్లీమీటర్ల గ్రౌట్ దక్కుతుంది. సెంట్రలైజర్ లేకపోతే బరువుకు కడ్డీ రంధ్రం అడుగున వాలి, మట్టిని తాకుతూ పడుకుంటుంది. పరీక్షలో అది కూడా బాగానే లాగుతుంది. తుప్పు మాత్రం ఆ రోజు నుంచే మొదలవుతుంది.

రంధ్రం వాలుగా ఉంటుంది కనుక నోటి దగ్గర గ్రౌట్ మట్టం సమతలంగా నిలిచి, పైభాగంలో పక్షి ముక్కులా ఒక ఖాళీ మిగులుతుంది. దాన్ని షాట్‌క్రీట్, అంటే ముఖం మీద గాలి ఒత్తిడితో చిమ్మే కాంక్రీటు, కొట్టేటప్పుడు జాగ్రత్తగా నింపాలి. వదిలేస్తే సరిగ్గా తల ఉండాల్సిన చోట కడ్డీ చుట్టూ గుల్ల ఉండిపోతుంది.

ముఖం పని: నెయిల్స్ మధ్యలో

నెయిల్ తల దగ్గర బలం గరిష్ఠం కంటే తక్కువ. జారుడు తలం నుంచి ముఖం వైపు వచ్చేకొద్దీ కొంత బలాన్ని మట్టి తిరిగి తీసుకుంటుంది. 1.5 మీటర్ల దూరానికి తల బలం గరిష్ఠంలో 0.7 వంతుగా తీసుకుంటారు. 75కు 52 కిలోన్యూటన్లు. ఈ 52 కోసమే ఫేసింగ్‌ను తయారు చేస్తాం. దూరం పెంచితే ఈ వంతు కూడా పెరుగుతుంది. నెయిల్స్ దూరదూరంగా వేసి ఆదా చేశామనుకుంటే ఆ ఖర్చు ఫేసింగ్‌లో తేలుతుంది.

మామూలుగా తాత్కాలిక ఫేసింగ్ 100 మిల్లీమీటర్ల షాట్‌క్రీట్, మధ్యలో వెల్డెడ్ మెష్, నెయిల్ తల వెనక అడ్డంగా రెండు 12 మిల్లీమీటర్ల కడ్డీలు, తల మీద 200 మిల్లీమీటర్ల చదరపు బేరింగ్ ప్లేటు. ప్లేటు షాట్‌క్రీట్‌ను పొడుచుకుని లోపలికి దూరిపోతుందా? 21 మెగాపాస్కల్స్ కాంక్రీటుకు ఆ బలం లెక్క 142 కిలోన్యూటన్లు. 52కు ఇది 2.7 రెట్లు. నిజంగా ముందు లొంగేది వంపు దగ్గరే. నెయిల్‌కూ నెయిల్‌కూ మధ్య ఫేసింగ్ ముందుకు పొంగుతుంది, తల ఉన్న వరస వెంబడి బయటి వైపు పగులు కనిపించదు, నెయిల్స్ మధ్య నడిమి గీత మీద కనిపిస్తుంది. అందుకే మెష్ అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి చాలినంత ఎక్కాలి. ప్లేటును షాట్‌క్రీట్ ఇంకా పచ్చిగా ఉండగానే ఒత్తి కూర్చోబెట్టాలి. గట్టిపడ్డాక నట్టు బిగిస్తే ప్లేటు నాలుగు మూలల్లో ఒక మూల మీదే ఆనుకుంటుంది.

ఇక ఎంత లోతు ఒక్కసారిగా తవ్వాలి అన్న ప్రశ్న. అదే అసలు ప్రమాదకరమైన గడియ. కొత్తగా కోసిన ముఖాన్ని నెయిల్, మెష్, షాట్‌క్రీట్ పడేదాకా మట్టే సొంతంగా మోయాలి. నిలువు కోత ఆసరా లేకుండా నిలిచే ఎత్తును కొహిషన్‌తో లెక్కగట్టవచ్చు. ఇందులో c అంటే కొహిషన్, γ అంటే మట్టి బరువు, Ka అంటే ముందు చూసిన 0.307 గుణకం.

```
h = 4c / (γ × √Ka)
c = 5:  20 / (18 × 0.554) ≈ 2.0 m
c = 3:  12 / (18 × 0.554) ≈ 1.2 m
```

మన 1.5 మీటర్ల అంచెకు, అంటే ఒక్కసారిగా తవ్వే లోతుకు, 5 కిలోపాస్కల్స్ ఉంటే సరిపోతుంది. 3కు తగ్గితే సరిపోదు. ఒండ్రు ఇసుకలో ఈ కొహిషన్‌లో చాలా భాగం నిజమైన అంటుబలం కాదు. తడి మట్టిలో రేణువుల మధ్య సన్నటి నీటి పొర లాగి పట్టుకోవడం వల్ల వచ్చే బలం. వాన పడి నీరు నిండితే ఆ లాగుడు పోతుంది. నిన్న చక్కగా నిలిచిన అంచె ఇవాళ పొద్దున పలకలు పలకలుగా రాలడానికి కారణం ఇదే. ఫ్రాన్స్‌లో క్లూటేర్ అనే జాతీయ పరిశోధన 1986లో మొదలై 1991లో సిఫార్సులు వెలువరించింది. అందులో పూర్తి పరిమాణంలో కట్టి కూల్చిన గోడల్లో ఒకదాన్ని సరిగ్గా ఇలాగే, ఒక్కసారిగా తవ్వే లోతును పెంచి కూల్చారు.

కాబట్టి తవ్విన ముఖం ఆసరా లేకుండా ఒకటి రెండు రోజులు నిలవగలదని నమ్మకం ఉంటేనే ఈ పద్ధతికి దిగాలి. నమ్మకం సగమే ఉంటే ముఖం ముందు మట్టి ఒరుగు, అంటే ముఖానికి ఆనిన వాలు మట్టిగట్టు, వదిలి, దాని గుండా నెయిల్ తొలిచి, చివర్లో ఒరుగును చెక్కి వెంటనే షాట్‌క్రీట్ కొట్టవచ్చు. లేకపోతే ఒకటి విడిచి ఒకటి భాగాలుగా తవ్వవచ్చు. పొడి ఇసుక, నీటిమట్టం కింద ఉన్న ఇసుక, మెత్తటి బంకమట్టి అయితే ఆ నమ్మకం పెట్టుకోనే కూడదు. పై అంచె గ్రౌట్, షాట్‌క్రీట్ గట్టిపడకుండా కింది అంచె తవ్వకూడదు. మూడు రోజుల బలం చూసి దిగడం మామూలు పద్ధతి.

నీరు చేరితే ఏ అంకెలు మారతాయి

ఇంతవరకూ వేసిన లెక్కలన్నిటిలోనూ ఫేసింగ్ వెనక నీరు లేదు. ఇప్పుడు డ్రైన్ మూసుకుపోయి, అడుగు నుంచి 3 మీటర్ల ఎత్తున నీరు నిలిచిందనుకుందాం. అట్టడుగు వరస అడుగుకు 1.25 మీటర్ల పైన ఉంది. దాని మీద నీటి ఎత్తు 1.75 మీటర్లు, ఒత్తిడి సుమారు 17.5 కిలోపాస్కల్స్. 2.25 చదరపు మీటర్ల వాటాకు 39 కిలోన్యూటన్లు. పొడిగా ఉన్నప్పుడు ఆ తలకు పై వరసల్లో సగం, అంటే 26 ఉందనుకుంటే ఇప్పుడు 65. మనం ఫేసింగ్‌ను తయారు చేసింది 52కు. ఏ వరస మీద భారం అతి తక్కువ అనుకున్నామో అదే వరస ఇప్పుడు లెక్క దాటింది. ఆ కింద 1.25 మీటర్ల ఫేసింగ్‌కు నెయిలే లేదు. అక్కడ ఒత్తిడి 30 కిలోపాస్కల్స్ దాకా వెళుతుంది. మొదటి పగులు ఆ పట్టీలోనే రావడం సహజం.

లోపలి కథ ఇంకా లోతైనది. జారుడు తలం మీద నీరు చేరితే రేణువుల మధ్య నొక్కుడు తగ్గి ఘర్షణ తగ్గుతుంది, నీటి పొర ఇచ్చే కొహిషన్ పోతుంది, గ్రౌట్ పట్టు కూడా తగ్గుతుంది. అంటే లాగేది పెరిగి, పట్టుకునేది తగ్గుతుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి. భద్రతా గుణకం అందుకే ఒక్క వానాకాలంలో కరిగిపోగలదు.

నీటికి మూడు దారులు ఉంటాయి. మూడింటికీ వేర్వేరు మందులు కావాలి. పైన కురిసి పగుళ్ల గుండా దిగే నీటికి కోత పై అంచు వెనక సిమెంటు చేసిన కాలువ. అది ముఖానికి దగ్గరగా ఉండి, అడుగు పగిలిందంటే, మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. నీటిని పోగుచేసి సరిగ్గా నెయిల్స్ తలల వెనకే దింపుతుంది.

ఫేసింగ్ వెనకకు చేరే నీటికి పట్టీ డ్రైన్లు. ఇవి ప్లాస్టిక్ గుంటల పలకకు ఒకవైపు వడపోత బట్ట అతికించిన పట్టీలు, 300 నుంచి 400 మిల్లీమీటర్ల వెడల్పు. నెయిల్స్ నిలువు వరసల మధ్యన పై నుంచి కింది దాకా నిలువుగా, మట్టికి ఆనించి, షాట్‌క్రీట్‌కు ముందే పెడతారు. బట్ట వైపు మట్టికి ఉండాలి. తిరగేసి పెట్టిన పట్టీలో సిమెంటు పాలు దూరి ఆరోజే మూసుకుపోతుంది, బయటి నుంచి ఎవరికీ కనిపించదు. ముఖమంతా పరిస్తే మేలు కదా అనిపిస్తుంది. అలా చేస్తే షాట్‌క్రీట్‌కు మట్టి అందదు. అది మట్టిని పట్టుకోవడం వల్లే తన బరువును మోసుకుంటుంది. 1.5 మీటర్లకు 300 మిల్లీమీటర్ల పట్టీ అంటే ముఖంలో ఐదో వంతు డ్రైన్‌కు, నాలుగు వంతులు పట్టుకు. ఈ పంపకం తూకంగానే ఉంటుంది.

తప్పు ఎక్కువగా జరిగేది అంచెల అతుకు దగ్గర. ప్రతి అంచె చివర పట్టీ తోకను 300 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా మిగిల్చి, చుట్టి, మట్టిలో కప్పి, షాట్‌క్రీట్ తగలకుండా కాపాడాలి. కింది అంచె తవ్వాక దాన్ని విప్పి, కొత్త పట్టీ మీద ఎక్కించాలి. తవ్వే యంత్రం పన్ను ఆ తోకను తెంపేస్తే పై 4 మీటర్ల నీరంతా అతుకు దగ్గరే ఆగిపోతుంది. అడుగున ఈ పట్టీలు నీటిని పోగుచేసే కలెక్టర్ పైపులోకో, ఫేసింగ్ గుండా నీటిని బయటికి వదిలే వీప్ హోల్స్‌లోకో తెరుచుకోవాలి. వీప్ హోల్ పైపు నోటిని షాట్‌క్రీట్ కొట్టేముందు మూసి, తర్వాత మూత తీయడం మరిచిపోవడం చాలాచోట్ల జరిగేదే. పని అయ్యాక ఒక్కొక్క పైపులోకి కడ్డీ పోనిచ్చి చూస్తే అరగంటలో తేలిపోతుంది.

మూడోది లోపలి నీరు. చాలామంది ఇక్కడే పొరబడతారు. పట్టీ డ్రైన్ ఫేసింగ్ వెనక నాలుగు వేళ్ల మేర నీటినే తీసేయగలదు. జారుడు తలం రెండున్నర మీటర్ల లోపల ఉంది. అక్కడి నీటిమట్టాన్ని అది తగ్గించలేదు. దానికి అడ్డ డ్రైన్లు కావాలి. సన్నటి చీలికలున్న 50 మిల్లీమీటర్ల పైపులను, బయటికి నీరు పారేలా లోపలి వైపు 5 డిగ్రీల మేర పైకి ఎత్తి, నెయిల్స్ కంటే పొడవుగా లోపలికి వేయాలి. మన కోతకు 9 నుంచి 10 మీటర్లు. పక్కనున్న నెయిల్స్‌కు గ్రౌట్ పట్టించాకే వీటిని తొలవాలి. ముందే వేస్తే గ్రౌట్ మట్టి పగుళ్ల గుండా పారి చీలికలను మూసేస్తుంది. ముఖానికి దగ్గరగా ఉండే పైపు భాగానికి చీలికలు ఉండకూడదు. లేకపోతే లోపల పట్టిన నీటిని తెచ్చి ఫేసింగ్ వెనకే వదులుతుంది.

ఎలా తెలుస్తుంది

వానాకాలంలో డ్రైన్ పైపు నుంచి తేటనీరు కారడం మంచి గుర్తు. కారేది బురదనీరయితే మట్టి కొట్టుకుపోతోంది, ఫేసింగ్ వెనక గుల్ల తయారవుతోంది. అన్నిటికంటే గట్టిగా పట్టించుకోవాల్సింది ఇంకొకటి. భారీ వాన తర్వాత పైపులన్నీ పొడిగా ఉండి, షాట్‌క్రీట్ పగుళ్ల నుంచి మాత్రం చెమ్మ ఊరుతుంటే, నీరు లోపల ఉంది, దారి మూసుకుపోయింది. ఆ పగుళ్ల చుట్టూ తెల్లటి సున్నపు చారలు ఉంటే అది చాలాకాలంగా సాగుతోందని. పైపు నోట ఇటుక రంగు జిగురు కనిపిస్తే నీటిలోని ఇనుమును తుప్పుగా మార్చే బ్యాక్టీరియా పేరుకుపోతోంది, నీటి ధారతో కడిగించాలి.

కదలికను అంకెలతో చూడాలి. పై అంచు మీద గుర్తులు పెట్టి తవ్వకం జరుగుతున్నన్నాళ్లు రోజూ, తర్వాత వారానికోసారి కొలవాలి. మన కోతకు 16 మిల్లీమీటర్ల దాకా ఊహించినదే. ఎత్తులో 0.005 వంతు, అంటే 40 మిల్లీమీటర్లు దాటితే పని ఆపి కారణం వెతకాలి. అయితే మొత్తం అంకె కంటే కదలిక తీరు ముఖ్యం. ఒక అంచె తవ్వగానే 4 మిల్లీమీటర్లు జరిగి, రెండు రోజుల్లో ఆగిపోయిన గోడ ఆరోగ్యంగా ఉన్నట్టే. తవ్వకమే లేని రోజుల్లో రోజుకు ఒక్కో మిల్లీమీటరు జరుగుతున్న గోడ మొత్తం మీద 12 దగ్గరే ఉన్నా భరోసా ఇవ్వదు. పై అంచు వెనక, ముఖానికి సమాంతరంగా సన్నటి పగులు తెరుచుకుంటే, అది నెయిల్ పొడవు లోపల ఉందా బయట ఉందా కొలవాలి. లోపల ఉంటే నెయిల్స్ తమ బలాన్ని ఎక్కించుకుంటున్న ఆనవాలు కావచ్చు. నెయిల్ చివరల ఆవల ఉంటే, నెయిల్స్‌తో కుట్టిన మట్టి ముద్ద మొత్తంగా కదులుతోంది. అప్పుడు ఫేసింగ్‌కు మరమ్మతు చేయడం దండగ. ముందు ఆ పగులులోకి వాన నీరు దిగకుండా కప్పాలి, కోత అడుగున మట్టి తిరిగి పోసి ఎదురు బరువు పెట్టాలి, ఆ తర్వాతే పొడవైన నెయిల్స్ గురించి, లోతైన అడ్డ డ్రైన్ల గురించి లెక్క మొదలుపెట్టాలి.